పెన్సిలు పెట్టని చోటు

ఆవిడ బల్ల మీద పనిముట్లు రెండే. ఒకటి ఎర్ర పెన్ను, రెండోది పెన్సిలు. ఎర్ర పెన్ను నెలకొకటి ఖాళీ అయ్యేది. పెన్సిలు మాత్రం ఆరేళ్ళుగా అదొక్కటే, కొన్నప్పుడు ఎంత పొడుగుందో ఇంచుమించు అంతే పొడుగుతో డబ్బాలో నిలబడి ఉంది. ఆ పెన్సిలు ఎందుకు అరగలేదో చెబితే ఆవిడ సంగతంతా చెప్పినట్టే.

ఆ పుస్తకాల ఆఫీసులో ఆవిడది అచ్చుకు వెళ్ళే ముందు రాతప్రతి దిద్దే పని. వీధిలోకి ఒక కిటికీ, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బరువుకు ఒక తలుపు బోల్టు, పాత కుర్చీ మీద భర్త పాత తువ్వాలుతో కుట్టిన దిండు, ఇదీ ఆవిడ రాజ్యం. ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడే కూర్చుంటోంది. పని నేర్పిన పెద్దాయన, అప్పటి యజమాని, చనిపోయి పదేళ్ళయింది. ఆయన మొదటిరోజే రెండు చేతుల్లో రెండు పెట్టి చెప్పాడు. "ఎర్ర పెన్ను నీకు తెలిసినదానికి. పెన్సిలు నీకు తెలియనిదానికి. అక్షరం జారితే దిద్దు, ఎవర్నీ అడగక్కర్లేదు. అర్థం జారితే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకో. పక్కన పెన్సిలుతో సున్నా చుట్టు, రాసినాయన్ని అడుగు. అడిగేటప్పుడు కూడా జవాబు నువ్వు అందించకు. ఫలానావాడే కదండీ అని అడిగితే సగంమంది అవునంటారు. ఎవరండీ అని అడుగు, ఊరుకో."

మొదట్లో ఆవిడ ఈ మాటను అక్షరాలా పాటించింది. ఒక్కో పుస్తకానికి డెబ్భై ఎనభై సున్నాలు. పేజీ నంబరు, వరుస, ఉన్నదున్నట్టు వాక్యం, కింద ప్రశ్న, దాని కింద రచయిత జవాబు రాయడానికి ఖాళీ. ఆ చీటీలు చూసి ఆఫీసులో ఆవిడకు 'ప్రశ్నల పంతులమ్మ' అని పేరు పెట్టారు. రచయితలు కొందరు నవ్వుకున్నారు, కొందరు మూతి ముడుచుకున్నారు. పెద్దాయన పోయాక ఆయన అల్లుడు యజమాని అయ్యాడు. మంచివాడే, కానీ కాళ్ళకింద నిప్పులు పోసినట్టు తిరిగే మనిషి. "అమ్మా, మీకు ఇంత అనుభవం ఉంది కదా. ప్రతిదానికీ రాసినవాళ్ళని అడగడమేంటి? అడిగినకొద్దీ వాళ్ళు కొత్తగా రాస్తారు, మన తేదీలు జరుగుతాయి. మీకు తెలిసిపోతుంది కదా, మీరే సరిచేసేయండి" అన్నాడు.

పొగడ్త ఎంత చేదు మందైనా తియ్యగానే దిగుతుంది. మీకు తెలిసిపోతుంది అన్న మాట ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుంది. సున్నాలు డెబ్భై నుంచి ముప్ఫై అయ్యాయి, ముప్ఫై నుంచి పది. ఆ తర్వాత ఆవిడకు నిజంగానే అన్నీ తెలిసిపోయినట్టు అనిపించసాగింది.

ఇంట్లో భర్త, రిటైరైన బస్సు కండక్టరు, ఒకసారి నవ్వుతూ అన్నాడు. "ఏమోయ్, ఇదివరకు కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో నన్ను అడిగేదానివి. ఇప్పుడు నాకేం కావాలో కూడా నువ్వే చెప్పేస్తున్నావు."

"ముప్ఫై ఏళ్ళ కాపురంలో మీకేం కావాలో తెలీదా నాకు?" అంది ఆవిడ.

"తెలుసులే. అయినా అడిగితే బావుంటుంది" అని ఆయన పేపరు తిరగేసుకున్నాడు. ఆవిడ ఆ మాట అప్పుడే మర్చిపోయింది.

మేస్త్రీ పుస్తకం ఆ రోజుల్లోనే వచ్చింది. దారం మిల్లులో నలభై ఏళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషి. తన మిల్లు జీవితమంతా గళ్ళ నోటు పుస్తకాల్లో ముత్యాల్లాంటి చేతిరాతతో రాసుకొచ్చాడు. ఆవిడకు ఆ రాత ఎంతో నచ్చింది. బెల్టు తెగితే ఎలా అతకాలో మూడు పేజీలు రాశాడు. ఒక్కో ఆడమనిషి దారం ముడి ఎలా వేస్తుందో, చూడకుండానే ఆ ముడిని బట్టి ఎవరిదో ఎలా చెప్పొచ్చో రాశాడు. అలా ప్రతి మేకునీ బోల్టునీ వర్ణించిన మనిషి, ఇరవై మూడేళ్ళ కిందట మిల్లులో దారం కండెలకు చుట్టే గది తగలబడి తొమ్మిదిమంది ఆడవాళ్ళు చనిపోయిన రోజు గురించి మాత్రం ఏడే ఏడు వరుసలు రాశాడు. అక్కడ ఆవిడకు అనుమానం రావాల్సింది. అంత నోరున్న మనిషి ఎక్కడ నోరు మూసుకున్నాడో అక్కడే పెన్సిలు పట్టుకోవాలని పెద్దాయన ఉంటే చెప్పేవాడు.

ఆయన రాసింది ఇది: 'మధ్యాహ్నం షిఫ్టు మొదలై అరగంట అయింది. వాచ్‌మన్ తాళాల గుత్తితో వరండాలో తిరుగుతున్నాడు. చుట్టే గదికి బయటి నుంచి గడియ పడింది. లోపల తొమ్మిదిమంది ఉన్నారు.'

గడియ దానంతటది పడదు కదా అనుకుంది ఆవిడ. ఎవరో వెయ్యాలి. వేసిందెవరో ఇక్కడ లేదు, చదివేవాడికి కాలికి రాయి తగిలినట్టుంది. ఒక్క క్షణం పెన్సిలు వైపు చూసింది. ఆ పుస్తకానికి అప్పటికే పది ప్రశ్నలు పంపింది. ఒక్కో ప్రశ్నకూ మేస్త్రీ ఫోన్లో గంట కథ చెప్పాడు. యజమాని ఆ ఉదయమే తలుపు దగ్గర నిలబడి వాచీ చూపించి వెళ్ళాడు. పైగా ముందు వాక్యంలోనే వాచ్‌మన్ ఉన్నాడు, చేతిలో తాళాల గుత్తీ ఉంది. ఇంకేం కావాలి? ఎర్ర పెన్ను తీసి రెండు వాక్యాలనూ ఒకటి చేసింది: 'వాచ్‌మన్ తాళాల గుత్తితో వరండాలో తిరుగుతూ, చుట్టే గదికి బయటి నుంచి గడియ పెట్టాడు.' వాక్యం నున్నగా వచ్చిందని సంతోషించింది కూడా. అది చెప్పుకోవడానికి ఆవిడకు ఈరోజుకీ సిగ్గు.

పుస్తకం అచ్చయింది. పేపర్లలో మంచిగా రాశారు. నాలుగు వందల ప్రతులు అమ్ముడుపోయాయని యజమాని అందరికీ కాఫీ తెప్పించాడు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం పదకొండింటికి ఒకమ్మాయి ఆఫీసుకు వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి, మందుల షాపులో వేసుకునే తెల్లకోటుతోనే వచ్చింది. చేతిలో మేస్త్రీ పుస్తకం, ఒక పేజీ మూల మడత. గుమాస్తా అడ్డుపడేలోపే యజమాని గదిలోకి వెళ్ళింది. రెండు గదులకూ మధ్య ఉన్నది చెక్క అడ్డుగోడే. ఆవిడకు ప్రతి మాటా వినిపించింది.

"నేను ఆ వాచ్‌మన్ కూతుర్నండి" అంది ఆ అమ్మాయి. "మా నాన్నది గేటు కాపలా. ఆయన చేతిలోవి గేటు తాళాలు. అరుపులు విని పరిగెత్తి, ఎర్రగా కాలిన గడియని వట్టి చేతుల్తో లాగింది ఆయన. రెండు అరచేతులూ పోయాయి. ఇరవై మూడేళ్ళుగా అన్నం స్పూనుతో తింటున్నాడు. మీరేమో గడియ పెట్టింది ఆయనేనని వేశారు."

యజమాని గొంతు సర్దుకున్నాడు. "చూడమ్మా, రాసినాయన రాసింది మేం వేస్తాం. నువ్వు ఆయన్ని అడగాలి."

"వెళ్ళానండి. తలుపు తియ్యలేదు."

ఆ తర్వాత ఆ అమ్మాయి చెప్పింది వింటూ ఆవిడ చేస్తున్న పని ఆపేసింది. వాళ్ళ వీధిలోనే ఒక ముసలాయన ఉన్నాడు, ఆయన భార్య ఆ తొమ్మిదిమందిలో ఒకతె. ఇన్నేళ్ళుగా రోజూ సాయంత్రం వచ్చి వాచ్‌మన్ పక్కన అరుగు మీద కూర్చునేవాడు, చేతులు కాలిన మనిషికి సిగరెట్టు తానే వెలిగించి నోట్లో పెట్టేవాడు. పుస్తకం వచ్చాక ఎవరో చదివి వినిపించారు. ఆయన వచ్చి, కూర్చోకుండా, "నువ్వా?" అని ఒక్కటే అడిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వాచ్‌మన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినడం మానేశాడు. గుండె అసలే అంతంతమాత్రం. డాక్టరు రోజులు లెక్కపెట్టుకోమన్నాడు.

"నువ్వు కాదని చెప్పు నాన్నా అన్నాను. అచ్చులో ఉంది కదమ్మా, నా మాట ఎవరు నమ్ముతారు అన్నాడు" అంది ఆ అమ్మాయి. "పోయేలోపు ఆ మాట తీసేయించండి. నాకింకేం వద్దు."

అప్పటికింకా ఆవిడ, మేస్త్రీ ఎంత పాపిష్టి రాత రాశాడు అనే అనుకుంటోంది. నిజంగా అలాగే అనుకుంది. తన చేత్తో చేసిన మార్పు ఆవిడకు గుర్తే లేదు. సరిచూద్దామని లేచి, బీరువాలోంచి రాతప్రతి కట్ట దించింది. పుస్తకం వచ్చాక ఏడాదిపాటు రాతప్రతి పారేయకూడదన్నది పెద్దాయన పెట్టిన పద్ధతి. తాడు విప్పి, నూట పన్నెండో పేజీ తీసింది. గళ్ళ కాగితం మీద మేస్త్రీ ముత్యాల అక్షరాలు, వాటి మీద ఎర్రగా తన చేతిరాత.

ఆవిడ ఆ వాక్యం మీద వేలు పెట్టి పైకే చదివింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయి "అక్కా, ఏమైంది, మంచినీళ్ళు తేనా?" అని పరిగెత్తుకొచ్చింది. ఆవిడ పేజీ అలాగే పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది.

"ఆయన రాయలేదు. నేను రాశాను" అంది.

యజమాని ముఖం వాడిపోయింది. ఆ అమ్మాయిని బయట కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు. "అమ్మా, ముందు ఊపిరి పీల్చుకోండి. అచ్చుకు ముందు ప్రూఫులు ఆయనకు పంపాం. చూసి ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి పంపాడు. కాబట్టి బాధ్యత ఆయనది. మనం తొందరపడి ఒప్పుకుంటే ఆఫీసు మీదికొస్తుంది."

"సంతకం ఆయనదే. మాట నాది కదా బాబూ."

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"ఉన్న ప్రతులన్నిటిలో తప్పొప్పుల చీటీ అంటిద్దాం. ముందు నన్ను మేస్త్రీని అడగనివ్వండి."

ఆవిడ ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి ఉన్నదంతా చెప్పింది. ఆ అమ్మాయి తిట్టలేదు. ఆవిడను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఇల్లు మందుల షాపు వెనకే. త్వరగా రండి" అని వెళ్ళిపోయింది. తిట్టినా బావుండేది.

ఎర్ర గీత కొట్టేసి మేస్త్రీ రాసిందే మళ్ళీ వేస్తే సరిపోతుందా అని మేస్త్రీ ఇంటికి వెళ్ళే దారంతా ఆలోచించింది. గడియ పడింది అని ఇప్పుడు చీటీ వేస్తే, పుస్తకాల వాళ్ళు భయపడి వెనక్కి తగ్గారంటారు. ఒకసారి పేరు పెట్టాక తీసేసినంత మాత్రాన అది పోదు. ఇంకొక పేరు రావాలి, అదీ తెలిసినవాడి నోటి నుంచే రావాలి.

మేస్త్రీ రెండో అంతస్తులో ఒక్కడే ఉంటున్నాడు. ఆవిడ గొంతు విని తలుపు తీశాడు. ఫోన్లో గంటలకొద్దీ కథలు చెప్పిన మనిషి, ఎదురుగా చూస్తే పిడికెడున్నాడు. ఆవిడ పేజీ ఆయన ముందు పెట్టింది.

"ఈ మార్పు నేను చేశానండీ. మిమ్మల్ని అడక్కుండా చేశాను. ప్రూఫులో మీరు చూశారా?"

"చూశాను."

"చూసీ సంతకం పెట్టారా?"

ఆయన పేజీని తనవైపు తిప్పుకున్నాడు. "నా పుస్తకంలో ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు నెలలు పట్టిందమ్మా. ఎన్నోసార్లు రాశాను, కొట్టేశాను. చివరికి గడియ పడింది అని రాసి వదిలేశాను. మీరు అన్నీ అడుగుతున్నారు కదా, బెల్టు వెడల్పెంత, మిషను ఏ రంగు అని. ఇది కూడా అడుగుతారు అనుకున్నాను. అడిగితే చెప్పేద్దామనే అనుకున్నాను. ఫోను మోగినప్పుడల్లా ఇదేనేమో అనుకునేవాణ్ణి."

ఆవిడ పేజీ మీద తన ఎర్ర గీతను వేలితో కప్పింది.

"తర్వాత ప్రూఫు వచ్చింది. చూస్తే అక్కడ వాడి పేరుంది. నేను వెయ్యలేదు, ఎవరో వేశారు. ఇరవై మూడేళ్ళ బరువు ఇంకొకడి నెత్తినెక్కింది. ఒక రోజంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను. సంతకం పెట్టేశాను." ఆయన పేజీని తిరిగి ఆవిడ వైపు జరిపాడు. "ఆ గదిలో ఆడవాళ్ళు మాటిమాటికీ బయటికి పోతున్నారు, ఉత్పత్తి పడిపోతోందని మేనేజరు నన్ను తిట్టాడు. ఒక్క గంట గడియ పెడదాం, బుద్ధి వస్తుందనుకున్నాను. పెట్టి, అటు బాయిలరు వైపు వెళ్ళాను. అంతే."

చెప్పేశాడు. ఆవిడకు కావాల్సిన జవాబు దొరికింది. నేరుగా ఆఫీసుకెళ్ళి చీటీ రాసి అచ్చుకిచ్చేయొచ్చు. సంచిలో ఎర్ర పెన్ను ఉంది. చెయ్యి దానిమీదికి వెళ్ళింది కూడా. కానీ విన్నదాన్ని ఆయన పేరుతో తాను రాస్తే, అదీ మొదటి తప్పులాంటిదే. ఆవిడ పెన్సిలు తీసి, తెల్ల కాగితం మీద ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నేర్చుకున్నట్టే రాసింది: 'పేజీ 112, వరుస 9. చుట్టే గదికి బయటి నుంచి గడియ పడింది. ప్రశ్న: గడియ పెట్టింది ఎవరు?' కింద ఖాళీ వదిలింది.

"జవాబు మీ చేత్తో రాసి, సంతకం పెట్టండి. అది ఉన్నదున్నట్టు వేస్తాం."

"రేపు రండి" అన్నాడు ఆయన.

"మంచం పట్టిన ఆ వాచ్‌మన్‌కి రేపు ఉందో లేదో తెలీదండీ."

"నాకు ఇరవై మూడేళ్ళు పట్టింది. ఒక్క రాత్రి ఇవ్వండి."

గట్టిగా పట్టుబడితే అప్పుడే రాసేవాడేమో. కానీ ఆవిడకు ఆ ముసలి చేతిని బలవంతపెట్టే హక్కు ఉన్నట్టు అనిపించలేదు. ఇంటికొచ్చి భర్తకు జరిగింది చెప్పుకుని ఏడ్చింది. ఆయన "కాఫీ తాగుతావా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడి, అప్పుడు వెళ్ళి పెట్టాడు.

మర్నాడు ఎనిమిదింటికల్లా ఆవిడ మేస్త్రీ గుమ్మంలో ఉంది. తలుపు తీసే ఉంది. ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. కాగితం ఇచ్చాడు. ఖాళీలో, అదే ముత్యాల రాతతో, 'నేను. గడియ తీసింది వాచ్‌మన్' అని ఉంది. కింద సంతకం.

ఆవిడ ఆటో ఎక్కింది. చీటీ అచ్చువెయ్యడం తర్వాత, ముందు ఈ కాగితంలో మాట వాచ్‌మన్ చెవిన పడాలి. మందుల షాపు మూసి ఉంది. వెనక సందులో, ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. కుర్చీల నిండా మనుషులు. లోపల మంచం మీద తెల్ల దుప్పటి, దుప్పటి బయట రెండు చేతులు. అరచేతులు లోపలికి ముడుచుకుపోయి, వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. తెల్లవారుజామున పోయాడట.

వాచ్‌మన్ కూతురు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ వంగి కాగితం చేతికిచ్చింది. ఆ అమ్మాయి చదివింది, మళ్ళీ చదివింది. తర్వాత తిరిగి ఆవిడకే ఇచ్చింది.

"బయట కూర్చున్నారు కదా, సిగరెట్టు ఇచ్చే తాతయ్య కూడా ఉన్నాడు. అందరికీ వినపడేలా మీరే చదవండి."

ఆవిడ గుమ్మంలో నిలబడి చదివింది. ప్రశ్న చదివింది, జవాబు చదివింది, సంతకం ఎవరిదో చెప్పింది. ఆ పుస్తకంలో తప్పు మాట రాసింది తానేనని కూడా చెప్పింది. చివరి కుర్చీలోంచి ఒక ముసలాయన లేచి, లోపలికి వచ్చి, మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. జేబులోంచి సిగరెట్టు పెట్టె తీశాడు. తీసి, ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

ఆవిడ వెళ్ళబోతుంటే వాచ్‌మన్ కూతురు పిలిచింది. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"అప్పుడే ఆ మేస్త్రీని అడిగి ఉంటే, ఎంతసేపు పట్టేదమ్మా?"

ఆవిడ అబద్ధం చెప్పలేకపోయింది.

"ఒక్క ఫోను" అంది.